డాబా మీద సోలార్ ఫ్రేమ్ బిగించేటప్పుడు బోల్టు రంధ్రాల్లోంచి నీళ్ళు దిగకుండా ఎలా చేయాలి

మా హాల్లో ఫ్యాన్ పక్కన పళ్ళెం అంత గోధుమరంగు మచ్చ వచ్చింది, పోయినేడాది తుఫాను వానకి. పైకెళ్ళి చూస్తే ఆ మచ్చకి నేరుగా పైన ఏమీ లేదు, శుభ్రంగా గచ్చు ఉంది. దగ్గర్లో ఉన్న సోలార్ కాలు దానికి ఆరడుగుల అవతల ఉంది. బిగించినాయన ఫోన్‌లో "అంత దూరంలో ఉంది కదండీ, మా బోల్టు వల్ల కాదు, మీ శ్లాబే పాతది" అన్నాడు, నేనూ నమ్మేశాను. రెండు నెలలు పిట్టగోడ పగుళ్ళకి పుట్టీ పెట్టించి, వాటర్ ప్రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించి డబ్బులు తగలేశాక, ఒక బోల్టు విప్పి చూస్తే రంధ్రంలో నీళ్ళు నిలబడి ఉన్నాయి, వాన ఆగి మూడు రోజులైనా.

అప్పుడు అర్థమైంది ఏంటంటే, నీళ్ళు బోల్టు తల చుట్టూ పైనుంచి దిగట్లేదు, పక్కనుంచి వస్తున్నాయి. మన డాబాల మీద శ్లాబు పైన వాటం కోసం రెండంగుళాల గచ్చో, కూల్ టైల్సో వేస్తారు కదా. వానాకాలంలో ఆ గచ్చుకి, కింద శ్లాబుకి మధ్య తడి పాకుతూనే ఉంటుంది, ఎక్కడో సన్నటి పగులులో దిగి ఎక్కడెక్కడికో పోతుంది. గట్టి శ్లాబు ఉన్నంతవరకు అది కిందకి దిగదు, మెల్లగా ఆరిపోతుంది. మనం అక్కడ ఎనిమిది కాళ్ళకి నాలుగేసి చొప్పున 32 రంధ్రాలు పెడితే ఆ తడికి 32 దారులు ఇచ్చినట్టే. పైన బోల్టు చుట్టూ ఎంత సిలికాన్ పూసినా పక్కనుంచి వచ్చే నీటిని అది ఆపలేదు. కాబట్టి రంధ్రం మూయాల్సింది గచ్చు పైన కాదు, గచ్చు కింద, శ్లాబు మట్టంలో. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా పని అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పీఎం సూర్యఘర్ వచ్చాక (2024 ఫిబ్రవరిలో మొదలైంది, 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ) వీధికి రెండు మూడు ఇళ్ళ మీద ప్యానెళ్ళు లేస్తున్నాయి, టీమ్ వాళ్ళు పొద్దున్న వచ్చి సాయంత్రానికి బిగించేసి పోతున్నారు. వాళ్ళు చేసేది మామూలుగా ఏంటంటే, ఫ్రేమ్ కాలి కింది ప్లేటు గచ్చు మీద పెట్టి, డ్రిల్‌తో మూడంగుళాలు దించి, యాంకర్ ఫాస్టనర్ కొట్టి నట్టు బిగించడం. మా ఇంట్లోనూ అదే. మూడంగుళాల్లో రెండు గచ్చులోనే పోయాయి, అసలు శ్లాబులో ఉన్నది అంగుళమే. అంటే పట్టూ లేదు, నీళ్ళూ దిగుతాయి. నేను మొత్తం విప్పించి మళ్ళీ చేయించా, మా మేస్త్రి గారు, నేను, ఇంకో కుర్రాడు కలిసి. మాది విశాఖలో మేడ ఇల్లు, 5 అంగుళాల శ్లాబు, పైన 2 అంగుళాల గచ్చు, ఆరు ప్యానెళ్ళు, ఎనిమిది కాళ్ళు. ఆ లెక్కల్లోనే చెప్తా, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు బోల్టు పెట్టొచ్చా లేదా చూసుకోండి. పాతకాలం సున్నం మిద్దె అయితే, అంటే దూలాలు వేసి పైన ఇటుకా సున్నం పోసినది, దానికి బోల్టులు పెట్టొద్దు, అక్కడ ఈ పద్ధతి అసలు పనికిరాదు. ఆర్‌సీసీ శ్లాబే అయినా కింద సీలింగ్ పెచ్చులు ఊడి ఇనుము తుప్పు కనపడుతుంటే ముందు దాన్ని బాగుచేయించాలి, ఆ కాంక్రీట్‌కి పట్టు ఉండదు. అపార్ట్‌మెంట్ అయితే శ్లాబు ఎలాంటిదో బిల్డర్‌ని అడగండి, లోపల బిగించిన తీగలుండే పోస్ట్ టెన్షన్ శ్లాబైతే డ్రిల్ ముట్టుకోవద్దు, ఒక్క తీగ తెగినా పెద్ద సమస్య.

తర్వాత శ్లాబు ఎంత మందమో, గచ్చు ఎంత మందమో తెలియాలి. ట్యాంకు పైపు గానీ, వాన నీటి గొట్టం గానీ శ్లాబులోంచి దిగే చోట అంచు దగ్గర చూస్తే రెండు పొరలు విడివిడిగా కనపడతాయి, టేపు పెట్టి కొలవొచ్చు. అలాంటి చోటు లేకపోతే ఒక్క పరీక్ష రంధ్రం వేయండి. గచ్చులో బిట్ వెన్నలో దిగినట్టు దిగుతుంది, తెల్లటి మెత్తటి పొడి వస్తుంది. శ్లాబు తగలగానే డ్రిల్ గొంతు మారుతుంది, వేగం తగ్గుతుంది, పొడిలో కంకర నలుపు కనపడుతుంది. మార్పు వచ్చిన చోట ఆపి లోతు కొలిస్తే అదే గచ్చు మందం. రంధ్రం తర్వాత పూడ్చేయడం మర్చిపోవద్దు.

ఇప్పుడు ఎంత బలం కావాలో ఒక్కసారి లెక్క వేసుకుందాం, లేకపోతే ఎందుకింత కష్టం అనిపిస్తుంది. 540 వాట్ల ప్యానెల్ దాదాపు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, అంటే రెండున్నర చదరపు మీటర్ల పైమాటే, ఆరు కలిపితే 15.5 చదరపు మీటర్లు. గాలి లెక్కలకి మన దేశంలో వాడే ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకీ విజయవాడకీ సెకనుకి 50 మీటర్ల గాలి రాశారు, హైదరాబాద్‌కి 44. ఒత్తిడి అంటే ఆ వేగాన్ని దానితోనే గుణించి 0.6తో గుణించడం, 50కి 1500 న్యూటన్లు వస్తుంది, అంటే చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. 15.5తో గుణిస్తే 2,300 కిలోల పైన. గాలి వెనకనుంచి ప్యానెల్ కిందకి దూరి ఎత్తేటప్పుడు ఇంచుమించు అంత బలం పైకి లాగుతుంది అనుకోండి (వాలు, ఇంటి ఎత్తు, పిట్టగోడ బట్టి మారుతుంది, ఇది ముతక లెక్క). ప్యానెళ్ళూ ఫ్రేమూ కలిపి బరువు మహా అయితే 300 కిలోలు. అంటే మిగతా రెండు టన్నులు బోల్టులే పట్టుకోవాలి. ఎనిమిది కాళ్ళకి పంచితే కాలుకి 250, కానీ గాలి సమానంగా పంచుకోదు, అంచు కాళ్ళ మీద రెట్టింపు పడుతుంది అనుకుంటే 500, నాలుగు బోల్టులకి పంచితే ఒక్కోదానికి 125 కిలోలు. శ్లాబులో సరిగ్గా దిగిన 12 ఎంఎం రాడ్డుకి ఇది పెద్ద పని కాదు. గచ్చులో వేళ్ళాడే బోల్టుకే పెద్ద పని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్ళకి గాలి ఏం చేయగలదో నేను చెప్పక్కర్లేదు.

బరువు దిమ్మలు పెట్టేసి బోల్టు లేకుండా చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, కానీ పై లెక్క ప్రకారం రెండు టన్నుల దిమ్మలు పైకెక్కించాలి, శ్లాబు అంత అదనపు బరువు మోస్తుందో లేదో ఇంజనీరుకి చూపించాలి. తీరం దగ్గర నేనైతే బోల్టే అంటాను.

ఇక బోల్టులో రెండు రకాలు. కొట్టి బిగిస్తే కొస విచ్చుకుని పట్టుకునేది యాంకర్ ఫాస్టనర్, రంధ్రంలో జిగురు నింపి రాడ్డు దించేది కెమికల్ యాంకర్. ఫాస్టనర్ చవక, వెంటనే బిగించొచ్చు, కానీ అది కాంక్రీట్‌ని పక్కలకి నెట్టి పట్టుకుంటుంది కాబట్టి పల్చటి శ్లాబులో, అంచుల దగ్గర పగులు పుట్టిస్తుంది. పైగా దాని చుట్టూ ఖాళీ ఉంటుంది, నీళ్ళకి అదే దారి. కెమికల్ అయితే ఆ ఖాళీ మొత్తం జిగురుతో నిండిపోతుంది, బోల్టూ పట్టుకుంటుంది, రంధ్రమూ మూసుకుంటుంది. మన ఇళ్ళ నాలుగున్నర, అయిదు అంగుళాల శ్లాబులకి నా ఓటు కెమికల్‌కే.

సామాను సంగతి. 12 ఎంఎం ఫుల్ థ్రెడ్ రాడ్లు మీటరు పొడవువి దొరుకుతాయి, ఒక్కోదాన్ని 280 ఎంఎం ముక్కలుగా కోస్తే మూడొస్తాయి, 32 ముక్కలకి 11 రాడ్లు కావాలి. 280 ఎందుకంటే శ్లాబులో 80, గచ్చు మందం 50, కాలు కింద పోసే కాంక్రీట్ దిమ్మ గచ్చు పైన 100, ప్లేటూ వాషర్లూ రెండు నట్లూ కలిపి మిగతా 50. సముద్రం దగ్గరైతే ఎస్ఎస్ 316 తీసుకోండి, లోపలి ఊళ్ళలో ఎస్ఎస్ 304 గానీ హాట్ డిప్ గాల్వనైజ్డ్ గానీ చాలు. షాపుల్లో మామూలుగా ఇచ్చే తళతళలాడే జింక్ కోటింగ్ వాటి మీద పొర చాలా పల్చన, మా ఇంట్లో మొదటి బోల్టులు అవే, ఏడాది తిరక్కముందే ఎర్రబడ్డాయి. కెమికల్ కాట్రిడ్జ్ 300 నుంచి 350 మిల్లీలీటర్లది, ఒక్కో రంధ్రానికి వృథాతో కలిపి 8 మిల్లీలీటర్లు వేసుకుంటే 32కి 256, ఒకటి అంచున సరిపోతుంది, రెండు తెచ్చుకోండి, మిక్సర్ నాజిళ్ళు అదనంగా నాలుగు. రంధ్రం 14 ఎంఎం. గాలి పంపు, ఆ రంధ్రానికి సరిపడే గుండ్రటి తీగ బ్రష్, పీయూ అంటే పాలీయూరిథేన్ సీలెంట్ ట్యూబులు, రెండు డబ్బాలు కలిపే రకం సిమెంట్ వాటర్ ప్రూఫ్ కోటింగ్. ప్లేట్లు 200 బై 200, 8 ఎంఎం మందం, రంధ్రాలు మధ్య నుంచి మధ్యకి 140 ఎంఎం.

సిలికాన్ ఎందుకు కాదంటే, దుమ్ము కాంక్రీట్ మీద అది సరిగా అంటదు, ఒక వేసవి తర్వాత అంచు పట్టుకుని లాగితే చెప్పుకి అంటిన బబుల్ గమ్‌లా ఊడి వచ్చేస్తుంది. దాని మీద పెయింటూ నిలవదు. పైగా చవక రకాలు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తాయి చూడండి, ఆ యాసిడ్ సిమెంట్‌కీ జింక్ పూతకీ రెంటికీ పడదు.

కాళ్ళు ఎక్కడ రావాలో ఇప్పుడు గుర్తుపెట్టండి. వీలైనంతవరకు కింద బీము గానీ గోడ గానీ ఉన్న చోట పడేలా చూసుకోండి, శ్లాబు అంచుకి ఒక అడుగైనా లోపలికి ఉండాలి. వాన నీళ్ళు వాటం మీద గొట్టం వైపు పోయే దారిలో దిమ్మ అడ్డం రాకూడదు, బకెట్ నీళ్ళు పోసి చూస్తే తెలిసిపోతుంది. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది, శ్లాబు లోపల కరెంటు పైపులు ఉంటాయి. ఫ్యాన్ బాక్స్ నుంచి స్విచ్ బోర్డు గోడ దాకా, లైటు పాయింట్ల దాకా పోసేటప్పుడే పైపులు వేసేస్తారు. కింద గదిలో ఫ్యాన్ హుక్ గోడ నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి పైన చాక్‌పీసుతో గుర్తేసుకోండి, అక్కడి నుంచి స్విచ్ బోర్డు వైపు పోయే దారిలో రంధ్రం పడకుండా జరపండి. మా హాల్లో ఒక కాలు సరిగ్గా ఆ గీత మీద వచ్చింది, ఒక అడుగు పక్కకి జరిపాం, ఫ్రేమ్ వాడు గొణిగాడు కానీ జరిగింది.

ఇప్పుడు గచ్చు కోయాలి. ప్రతి కాలు దగ్గర అడుగు బై అడుగు చదరం గీసి, కటింగ్ మిషన్‌తో గచ్చు మందం మేరకే కోసి, ఉలితో తీసేయండి. బ్లేడు లోతు గచ్చుకి మించొద్దు, శ్లాబుని గీయొద్దు. గచ్చు పెళ్ళలు తీస్తుంటే కింద శ్లాబు తడిగా నల్లగా కనపడితే ఆశ్చర్యపోవద్దు, ఇందాక చెప్పిన పక్క నీళ్ళు అవే. అలాంటి చోట రెండు మూడు రోజులు ఎండకి వదిలేయండి. మేం పని జనవరి చివర్లో పెట్టుకున్నది అందుకే, వానల్లో ఈ పని పెట్టుకోవద్దు.

శ్లాబు బయటపడ్డాక ప్లేటునే అచ్చుగా పెట్టి నాలుగు రంధ్రాల గుర్తులు వేయండి. డ్రిల్ బిట్‌కి కొస నుంచి 80 ఎంఎం దగ్గర రంగు టేపు చుట్టండి, టేపు శ్లాబుని ముట్టగానే ఆపేయాలి. 125లో 80 పోతే కింద 45 మిగులుతుంది. ఈ 80 కింద ఇంకో 30 ఎంఎం అయినా మిగలకపోతే, అంటే శ్లాబు 110 కంటే పల్చనైతే, లోతు 70కి తగ్గించండి, 70 కింద కూడా 30 మిగలనంత పల్చని శ్లాబైతే ఇంజనీరుని పిలవండి. ఎక్కువ దించితే ఏమవుతుందంటే, బిట్ కొస కొట్టే దెబ్బకి కింద సీలింగ్ వైపు పెంకు ఊడిపోతుంది, గదిలో ప్లాస్టర్ రాలుతుంది. పనిచేసేటప్పుడు కింద గదిలో ఒకరిని ఉంచితే మంచిది, మా ఆవిడ కింద కూర్చుని "ఏం రాలట్లేదు, కొట్టుకోండి" అని కేకేస్తూ ఉంది.

మధ్యలో బిట్ ఠంగ్‌మని ఆగి దిగకపోతే, పొడి రావడం ఆగిపోయి ఇనుము వాసన వస్తే అది శ్లాబు ఇనుము. బలవంతంగా కోయొద్దు, ఆ ఇనుమే శ్లాబుని మోస్తోంది. ప్లేటు మొత్తాన్ని ఒక అంగుళం, అంగుళంన్నర జరిపి మళ్ళీ గుర్తులు పెట్టుకోండి, ఊచల మధ్య మామూలుగా ఆరంగుళాల దాకా ఖాళీ ఉంటుంది కాబట్టి నాలుగు రంధ్రాలూ దొరికేస్తాయి. వదిలేసిన రంధ్రాన్ని ఆ కెమికల్‌తోనే అంచు దాకా నింపేసి గట్టిపడ్డాకే కొత్తది వేయండి. మాకు 32లో ఐదు ఇలా పోయాయి, రెండు కాట్రిడ్జ్‌లు తెచ్చుకోమన్నది ఇందుకు కూడా.

ఈ పని మొత్తంలో తేడా వచ్చేది రంధ్రం శుభ్రం దగ్గరే. పొడి ఉంటే జిగురు కాంక్రీట్‌కి అంటదు, పొడికి అంటుతుంది, రాడ్డు పట్టుకున్నట్టే ఉంటుంది గానీ లాగితే పొడితో సహా గొట్టంలా ఊడి వస్తుంది. పంపు గొట్టం రంధ్రం అడుగు దాకా దించి ఊదండి, బ్రష్ తిప్పుతూ లోపలికీ బయటికీ ఆడించండి, మళ్ళీ ఊదండి, ఇదంతా కనీసం రెండు మూడు సార్లు. నోటితో ఊదొద్దు, కళ్ళలోకి కొడుతుంది, పైగా తేమ. చివర్లో పుల్లకి తెల్లగుడ్డ చుట్టి లోపల తిప్పితే బూడిద రంగు అంటకూడదు. నీళ్ళతో కడగొద్దు.

కెమికల్ పోయడం పొద్దున్నే ఆరింటి నుంచి తొమ్మిదిలోపు పెట్టుకోండి. ఎండలో శ్లాబు కాలిపోతుంటే జిగురు రెండు మూడు నిమిషాల్లోనే బిగుసుకుంటుంది, రాడ్డు సగంలో ఆగిపోతే ఆ రంధ్రం పోయినట్టే. మీ కాట్రిడ్జ్ మీద ఎంత వేడికి ఎన్ని నిమిషాలో పట్టిక ఉంటుంది, దాన్నే నమ్మండి. కొత్త నాజిల్ పెట్టగానే మొదట వచ్చేది రెండు రంగులు విడివిడిగా చారలుగా వస్తుంది, ఒకే రంగు అయ్యేదాకా పాత అట్టముక్క మీద పారేయండి, కక్కుర్తి పడొద్దు, ఆ చారల జిగురు ఎప్పటికీ గట్టిపడదు. నాజిల్ కొస అడుగున పెట్టి, నొక్కుతూ మెల్లగా పైకి తీస్తూ, మూడింట రెండొంతులు నింపండి. పైనుంచి పోస్తే కింద గాలి బుడగ ఉండిపోతుంది. తర్వాత రాడ్డుని స్క్రూలా తిప్పుతూ చేత్తో దించండి, సుత్తితో కొట్టొద్దు. అడుగు తగిలేసరికి రంధ్రం అంచున చుట్టూ జిగురు కొంచెం పొంగి రావాలి. పొంగలేదంటే తక్కువ పడింది, రాడ్డు వెంటనే తీసి ఇంకొంచెం పోయండి. ఆ పొంగిన ఉంగరమే మొదటి సీలు, దాన్ని గీకి తీసేయొద్దు.

నాలుగు రాడ్లూ నిలువుగా, ప్లేటు రంధ్రాలకి సరిపడేలా నిలబడాలి కాబట్టి ప్లేటు సైజులోనే నాలుగు రంధ్రాలున్న ప్లైవుడ్ ముక్క తొడిగి వదిలేయండి. పట్టికలో రాసిన టైం కంటే రెట్టింపు ఆగండి, మేమైతే మర్నాటి దాకా ముట్టుకోలేదు. ఒక కాలు దగ్గర అదనంగా ఒక రంధ్రం వేసి ఉత్తి రాడ్డు పెట్టి ఉంచితే అనుమానం తీరుతుంది, మర్నాడు దానికి ప్లేటు ముక్క, వాషర్, నట్టు వేసి బిగించండి. ఎనిమిదంగుళాల స్పానర్ కొసన ఇరవై కిలోల బలంతో నొక్కితే 40 న్యూటన్ మీటర్లు పడుతుంది, 12 ఎంఎం రాడ్డుకి దాదాపు అంతే గరిష్ఠం, ప్యాకెట్ మీద తక్కువ రాసుంటే అంతే. రాడ్డు తిరిగిందంటే గానీ, పైకి జరిగిందంటే గానీ శుభ్రం సరిగా కాలేదని అర్థం, మిగతా రంధ్రాలనీ అనుమానించాలి.

ఇప్పుడు అసలు సీలింగ్. కోసిన గుంటలో శ్లాబు మీద, గుంట నాలుగు గోడల మీద, రాడ్ల చుట్టూ బ్రష్‌తో బాగా తుడిచి, ప్రతి రాడ్డు మొదట్లో పీయూ సీలెంట్‌తో వేలెడు మందం కొండలా పెట్టి తడి వేలితో సాఫు చేయండి. అది ఆరాక, మామూలుగా ఒక రోజు, వాటర్ ప్రూఫ్ కోటింగ్ మొదటి కోటు గుంట అంతా వేయండి, గుంట గోడల మీద గచ్చు పై అంచు దాటి రెండంగుళాలు బయటికి కూడా, రాడ్ల మీదకీ కాస్త ఎక్కేలా. ఆరాక రెండో కోటు మొదటిదానికి అడ్డంగా. ఇప్పుడు ఆ గుంట ఒక చిన్న తొట్టెలాంటిది, గచ్చు కింద పాకే నీళ్ళు దాని గోడ దగ్గరే ఆగిపోతాయి, రంధ్రం దాకా చేరవు.

ఇక్కడే ఒక పరీక్ష. గుంటలో అంచు దాకా నీళ్ళు పోసి 24 గంటలు ఉంచి, కింద సీలింగ్ చూసుకోండి, నీటి మట్టం కూడా గోడ మీద గీత గీసి చూసుకోండి. ఎండకి కొంచెం తగ్గుతుంది, పక్కన మామూలు గిన్నెలో నీళ్ళు పెట్టి పోలిస్తే ఎంత ఆవిరైందో తెలుస్తుంది. మా ఎనిమిదింట్లో ఒకదాంట్లో గిన్నె కంటే అర అంగుళం ఎక్కువ తగ్గింది, మూలలో కోటింగ్‌కి సూది మొన అంత రంధ్రం. ఇది ప్యానెళ్ళెక్కాక తెలిసుంటే మళ్ళీ అంతా విప్పాల్సొచ్చేది.

పరీక్ష పాసయ్యాక గుంటలో దిమ్మ పోయండి. చెక్కతో అడుగు బై అడుగు డబ్బా కట్టి, గచ్చు పైన నాలుగంగుళాలు లేచేలా, 12 ఎంఎం కంకరతో 1 : 1.5 : 3 పాళ్ళలో, నీళ్ళు తక్కువ పోసి. ఒక్కో దిమ్మ 30 కిలోల పైనే ఉంటుంది, ఎనిమిదీ కలిపి 250 కిలోలు, అదీ పట్టుకి కలిసొస్తుంది. పైభాగం ప్లేటు కూర్చునే మేర సమంగా, దాని బయట అన్ని వైపులా కొంచెం వాటంగా జార్చండి. ఎనిమిది దిమ్మల మట్టాలూ నీళ్ళ పైపుతో చూసుకుని ఒకే ఎత్తుకి తేవాలి, తర్వాత వాషర్లు పేర్చి సరిచేయడం కంటే ఇప్పుడే నయం. ఏడు రోజులు తడి గోనె సంచులు కప్పండి. దిమ్మ వల్ల లాభం ఏంటంటే ప్లేటు, నట్లు ఎప్పుడూ నీళ్ళలో నానవు, ఇదివరకు మా ప్లేట్లు గచ్చు మీదే ఉండేవి, ప్రతి వానకి రెండు రోజులు బురదలో ఉండేవి.

దిమ్మకీ పాత గచ్చుకీ మధ్య కలిసే చోట సన్నటి పగులు ఎప్పుడో వస్తుంది, రెండూ వేర్వేరు వయసు సిమెంట్లు. కాబట్టి ఆ గీత వెంట అర అంగుళం గాడి కోసి పీయూ నింపి, మీద సిమెంట్‌తో వంపు తిప్పి, దాని మీద మిగిలిన కోటింగ్ వేసేయండి. పీయూ ఎండకి నేరుగా ఉంటే కొన్నేళ్ళకి నెర్రెలిస్తుంది, ఏదో ఒకటి కప్పాలి.

ప్లేటు ఎక్కించేముందు ప్రతి రాడ్డు చుట్టూ దిమ్మ మీద పీయూ ఉంగరం పెట్టి, ప్లేటు దించి, ఫ్లాట్ వాషర్, స్ప్రింగ్ వాషర్, నట్టు, దాని మీద ఇంకో లాకు నట్టు. నాలుగు నట్లూ ఒక్కొక్కటి పూర్తిగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ప్లేటు చుట్టూ పీయూ పూయాలనిపిస్తుంది, పూయండి గానీ వాటం వైపు అర అంగుళం వదిలేయండి, ఎటునుంచో చేరిన నీరు బయటికి పోవాలి కదా.

ఫ్రేమూ ప్యానెళ్ళూ ఎక్కాక వారానికి నట్లు ఒకసారి మళ్ళీ బిగించి, నట్టు మీద నుంచి ప్లేటు మీదకి పెయింట్‌తో ఒక గీత గీయండి. ఏడాదికోసారి, మే నెలాఖర్లో, తుఫాన్ల ముందు పైకెళ్ళినప్పుడు గీత విరిగి కనపడితే నట్టు తిరిగిందని తెలిసిపోతుంది, స్పానర్ పట్టుకుని 32 నట్లూ తడమక్కర్లేదు.

ఇప్పటికే గచ్చు మీద బోల్టులు బిగించేసి ఉన్నవాళ్ళు ప్యానెళ్ళన్నీ దించక్కర్లేదు. గాలి లేని రోజు చూసి ఒక్కో కాలు చొప్పున, ఫ్రేమ్‌కి పక్కన జాకీ పెట్టి ఆనించి, ఆ కాలు బోల్టులు తీసి, పాత రంధ్రాలు కెమికల్‌తో నింపి, గచ్చు కోసి, మొదటి నుంచి చేసుకుంటూ వెళ్ళొచ్చు, ఒక కాలు పూర్తిగా గట్టిపడ్డాకే రెండోది. ముందుగా మచ్చ ఉన్న గది పైన ఆరేడు అడుగుల్లో ఉన్న కాళ్ళన్నీ చూడండి, నేరుగా పైన ఉన్నదొక్కటే కాదు.